పదో తరగతి పరీక్షలకి మా కొట్టు పాంప్లెట్: ఒకవైపు పిల్లలకి, ఒకవైపు పెద్దలకి

తణుకులో మాది స్టేషనరీ కొట్టు. పెన్నులు, నోట్‌బుక్కులు, గైడ్లు, టెస్ట్ పేపర్లు, ఓ మూల జిరాక్స్ మిషను. నేనూ మా ఆయనా కలిసి చూసుకుంటాం. జూన్‌లో నోట్‌బుక్కుల గిరాకీ, ఫిబ్రవరి మార్చిల్లో పరీక్షల గిరాకీ. ఈ రెండిటి మీదే మా ఏడాది గడుస్తుంది. మార్చి సీజన్‌కి ఈసారి ప్రచారం మొత్తం నేనే చూసుకుంటానని పట్టుబట్టాను. అదెలా నడిచిందో రాస్తున్నాను. ఇలాంటి కొట్టు నడిపేవాళ్లకి పనికొస్తుంది, పిల్లల్ని పరీక్షకి పంపేవాళ్లకి కూడా కొంత పనికొస్తుంది.

మా దగ్గర అన్ని కొట్లవాళ్లూ వేయించే పాంప్లెట్ ఒకటే రకం. పైన దేవుడి బొమ్మ, కింద 'పరీక్షల స్పెషల్ ఆఫర్, అన్నిటి మీద 10 శాతం తగ్గింపు', ఆ కింద ఫోన్ నంబరు. అది పేపర్లో వస్తుంది, మధ్యాహ్నానికి బజ్జీల పొట్లం అవుతుంది. దానివల్ల ఎవరూ కొట్టుకి రారని నాకు ఎప్పటినుంచో అనుమానం. ఎందుకు రారో మాత్రం కౌంటర్ దగ్గర నిలబడి వింటేనే తెలిసింది.

పెన్ను ఎంచుకునేది పిల్లలు, డబ్బు తీసేది వాళ్ల అమ్మో నాన్నో. ఇద్దరూ ఒకే వస్తువు చూస్తూ వేరే వేరే ప్రశ్నలు అడుగుతారు. పిల్ల "ఆంటీ, చెయ్యి నొప్పెట్టకుండా స్పీడ్‌గా రాసేది ఏదండీ?" అంటుంది. పక్కనే వాళ్లమ్మ "ఇది లోపలికి రానిస్తారాండీ? గేటు దగ్గర లాగేసుకోరు కదా?" అంటుంది. పిల్లల టెన్షన్ మూడు గంటల్లో పేపరు పూర్తవుతుందా అని. పెద్దల టెన్షన్ గేటు దగ్గర ఏమవుతుందో అని. 10 శాతం తగ్గింపు ఈ రెండిటికీ సమాధానం కాదు. నాలుగు పెన్నుల మీద నాలుగు రూపాయలు మిగుల్తాయని ఎవరూ ఆటో కట్టించుకుని రారు.

అందుకని పాంప్లెట్‌ని రెండుగా విడగొట్టాను. ఒకవైపు పిల్లలకి, ఇంకోవైపు పెద్దలకి. చెప్పే సంగతి వేరు, అక్షరాల సైజు వేరు, చెప్పే తీరు కూడా వేరు.

ముందు పిల్లల వైపు సంగతి. కొనమని ఒక్క మాట కూడా అక్కడ రాయకూడదనుకున్నాను. గోడకి అంటించుకుంటే నెలంతా మా పేరు వాళ్ల కళ్లముందు ఉంటుంది కాబట్టి, అంటించుకునే వస్తువే ఇవ్వాలి. అందుకే రివిజన్ పట్టిక వేయించాను. ఎడమ వైపు వరసగా తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సోషల్. పక్కన మూడు గళ్లు: పరీక్ష తేదీ, మొదటిసారి చదవడం, పాత పేపరు టైం పెట్టుకుని రాయడం. సైన్సుని రెండు వరసలుగా వేయడానికి కారణం ఉంది. సబ్జెక్టులు ఆరే అయినా సైన్సుకి యాభై మార్కుల చొప్పున రెండు పేపర్లు, రెండు వేరే రోజుల్లో జరుగుతాయి. పిల్లలకి అది తెలుసు, కానీ చాలా ఇళ్లలో పెద్దలకి తెలియదు.

ప్రెస్సులో డిజైన్ చేసే కుర్రాడు తేదీలు కూడా అచ్చువేసేద్దాం మేడమ్, బాగుంటుంది అన్నాడు. నేను వద్దన్నాను. 2025లో సోషల్ పరీక్ష మొదట మార్చి 31 అన్నారు, రంజాన్ సెలవు వల్ల ఏప్రిల్ 1కి మారింది. మన పాంప్లెట్‌లో పాత తేదీ ఉంటే, దాన్ని నమ్మి ఎవరైనా పొరపడితే ఆ పాపం మనదే. ఖాళీ గడి ఉంటే పిల్లలే హాల్‌టికెట్ చూసి రాసుకుంటారు. పైగా తమ చేత్తో రాసుకున్న కాగితాన్ని ఎవరూ అంత తొందరగా పారేయరు.

ఆ కుర్రాడే పట్టిక కింద ఎర్రక్షరాలతో 'వచ్చే ప్రశ్నలు ఇవే! మా టెస్ట్ పేపర్లతో 550 గ్యారంటీ' అని వేసుకొచ్చాడు. అందరూ ఇలాగే వేయిస్తారట. కొట్టించేశాను. రుజువు చూపించలేని గ్యారంటీ ప్రకటనలో వేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటన అవుతుంది. 2022లో వచ్చిన మార్గదర్శకాల్లో పిల్లలకి ఉద్దేశించిన ప్రకటనల గురించి విడిగా చెప్పారు కూడా. చట్టం సంగతి పక్కనపెట్టినా, 'వచ్చే ప్రశ్నలు' అన్న మాట పరీక్షల ముందు చాలా ప్రమాదం. ఎక్కడో పేపర్ లీకైందని పుకారు పుడితే పోలీసులు ముందుగా చూసేది జిరాక్స్ షాపులవైపే. దాని బదులు 'పాత ప్రశ్నపత్రాలు, టెస్ట్ పేపర్లు దొరుకుతాయి' అని వేయించాను. అంతకుమించి చెప్పడానికి నిజంగా ఏమీ లేదు.

పెద్దల వైపు అక్షరాలు పెద్దవి చేయించాను. చాలామంది కళ్లజోడు వెతుక్కోకుండానే చదవాలి. అక్కడ పైన వేసింది పరీక్ష రోజు పొద్దున చూసుకోవాల్సిన జాబితా. హాల్‌టికెట్, దాని జిరాక్స్ ఒకటి ఇంట్లో. అట్ట మీద, స్కేలు మీద, పౌచ్ మీద రాతలేమీ ఉండకూడదు. పెన్నులు ఇంట్లో నాలుగు రోజులు రాసి చూసినవే పంపండి, కొత్తవి ఆ పొద్దునే తెరవద్దు. స్మార్ట్ వాచీ, ఫోను వద్దు. హాల్‌టికెట్ చూపిస్తే పల్లెవెలుగు బస్సులో టికెట్ తీసుకోనక్కర్లేదు. మా చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చే పిల్లలకి ఈ చివరి మాట చాలా ఉపయోగపడింది. దీనికోసమే పాంప్లెట్ దాచుకున్నామని ఒకాయన చెప్పారు. జాబితా కింద మాత్రమే మా కిట్ ధర.

కిట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రచారం ఎంత బాగున్నా లోపల లెక్క సరిగా లేకపోతే సీజన్ చివర చేతికి ఏమీ మిగలదు.

కిట్‌లో పెట్టినవి ఇవి: పారదర్శకంగా ఉండే పరీక్ష అట్ట, పది రూపాయల పెన్నులు నాలుగు, పెన్సిళ్లు రెండు, రబ్బరు, షార్ప్‌నర్, చిన్న స్కేలు, ఇవన్నీ పట్టే పారదర్శకమైన జిప్ పౌచ్. ఎంఆర్‌పీల ప్రకారం అట్ట 90, పెన్నులు 40, పెన్సిళ్లు 10, రబ్బరు 5, షార్ప్‌నర్ 5, స్కేలు 10, పౌచ్ 30. మొత్తం 190 రూపాయలు. నాకు పడింది అట్ట 48, పెన్నులు 33, పెన్సిళ్లు 8, రబ్బరు 4, షార్ప్‌నర్ 4, స్కేలు 6, పౌచ్ 13. మొత్తం 116. కిట్ 149కి పెట్టాను. కొనేవాళ్లకి 41 రూపాయలు తగ్గింది, నాకు 33 మిగిలింది.

ఈ లెక్కని జాగ్రత్తగా చూస్తే పెన్నుల మీద నేను తగ్గించగలిగింది దాదాపు ఏమీ లేదని తెలుస్తుంది. పేరున్న పెన్నుల మీద మనకి మిగిలేదే పదికి రెండు రూపాయల లోపు. అందులో 10 శాతం వదిలేస్తే ఉత్తపుణ్యానికి అమ్మినట్టే. తగ్గింపంతా అట్ట, పౌచ్‌ల నుంచే వచ్చింది. అవి పెద్ద కంపెనీలవి కావు కాబట్టి కొనుగోలు ధరకీ అమ్మకం ధరకీ మధ్య జాగా ఉంటుంది. 'అన్నిటి మీద 10 శాతం' అనేదానికన్నా ఇలా కట్టగట్టి అమ్మడం నాకెందుకు నచ్చిందంటే, కొనేవాళ్లకి కనిపించే తగ్గింపు 20 శాతం పైనే, కానీ నష్టపోయే వస్తువు ఒక్కటీ లేదు.

జామెట్రీ బాక్స్‌ని కావాలనే కిట్‌లో పెట్టలేదు. పదో తరగతి పిల్లల్లో చాలామందికి అది ఉంటుంది. మళ్లీ కొనిపిస్తే పెద్దలకి ఒళ్లు మండుతుంది. విడిగా కాంపాస్, విడిగా కోణమానిని పెట్టాను, పోయినవి మాత్రమే కొనుక్కోవచ్చు. ఒకప్పుడు అడిషనల్ షీట్లు కట్టుకోడానికి దారం కూడా పెట్టేవాళ్లం. బుక్‌లెట్లు వచ్చాక దారం అడిగేవాళ్లే లేరు, మా షాపులో ఇంకా రెండు ఉండలు అలాగే పడున్నాయి.

సీబీఎస్ఈ పిల్లలకి వేరే కిట్ కట్టాను. వాళ్ల బోర్డు నీలం రంగు పెన్నే వాడమంటుంది, పౌచ్ పారదర్శకంగా ఉండాలంటుంది. కాబట్టి వాళ్ల కిట్‌లో నాలుగూ నీలమే. స్టేట్ సిలబస్ పిల్లలు శీర్షికలకి నలుపు, జవాబులకి నీలం వాడతారు కాబట్టి రెండూ రెండు. సీబీఎస్ఈ పరీక్షలు ఫిబ్రవరి మధ్యలోనే మొదలవుతాయి, ఇంటర్ నెలాఖర్లో, పదో తరగతి మార్చి మధ్యలో. అంటే సరుకు మూడు విడతలుగా దిగాలి. ఒకేసారి తెచ్చి పెట్టుకుంటే డబ్బు ఇరుక్కుపోతుంది.

సరుకు విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్‌గా తెచ్చుకుంటాం, పుస్తకాలు ఏలూరు రోడ్డులో. ఈసారి అట్టల దగ్గర చిన్న గొడవైంది. ఎప్పుడూ తీసుకునే హోల్‌సేలర్ పారదర్శకమైనవని పంపిన కట్టలో మధ్యలో కొన్ని వేరేవి కలిపేశాడు. పైకి ఒకేలా ఉన్నాయి. సంచిలోంచి తీసి వెలుతురుకి పెట్టి చూస్తే కింది మూలన సన్నటి అక్షరాలతో ఎక్కాలు, పక్కనే ఓ కార్టూన్ బొమ్మ. ఇంట్లో రాసుకోడానికైతే ఏ ఇబ్బందీ లేదు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ చూస్తే పక్కన పెట్టించేస్తారు, రాతలున్న అట్ట ఎవరూ ఒప్పుకోరు. ఫోన్ చేస్తే "ఎక్కాలే కదమ్మా, ఏమవుద్ది" అన్నాడు. తిప్పి పంపితే నాలుగు రోజులకి మార్చి ఇచ్చాడు, రానూపోనూ పార్సిల్ ఖర్చు నా నెత్తినే పడింది. కొనేవాళ్లు కూడా అట్ట తీసుకునేటప్పుడు మీద అతికించిన పల్చటి ప్లాస్టిక్ పొర తీసి చూసుకోండి. కొన్నిటిలో ఆ అక్షరాలు పొర కింద కనబడవు.

పెన్నుల్లో చూడాల్సింది వేరు. కిందటి సీజన్లో మిగిలినవి డబ్బాల అడుగున ఉంటాయి, బయటికి కొత్తగానే కనిపిస్తాయి. జెల్ పెన్ను ఎండిపోతే రెండు గీతలు బాగానే పడి మూడోదాంట్లో తెగుతుంది. అందుకే ప్రతి డబ్బాలోంచి ఒకటి తీసి అర పేజీ రాయించి గానీ కిట్‌లో వేయలేదు. ఆ పని మా ఆయనది. ఆయన అక్షరాలు ఎవరికీ అర్థం కావు గానీ ఇంకు సంగతి మాత్రం కచ్చితంగా చెబుతారు.

ఆ రాసి చూసే అలవాటునే పిల్లల కోసం ముందుకి తెచ్చాను. కౌంటర్ పక్కన చిన్న బల్ల వేసి, జవాబు బుక్‌లెట్ అంత మందం ఉన్న గీతల కాగితాలు పెట్టి, తొమ్మిది రకాల పెన్నులు మూతలు తీసి ఉంచాను. పైన 'రాసి చూడండి' అని బోర్డు, అంతే. మొత్తం సీజన్లో ఖర్చు తక్కువై ఫలితం ఎక్కువ వచ్చిన పని ఇదే. పిల్లలు గుంపులుగా వచ్చేవారు. ముందు తమ పేరు రాస్తారు, తర్వాత పక్కవాడి పేరు, తర్వాత ఏదో సినిమా హీరో పేరు. ఒకమ్మాయి మాత్రం వచ్చి 'కిరణజన్య సంయోగక్రియ' అని వరసగా ఎనిమిది లైన్లు రాసింది. ప్రతి లైనూ వేరే పెన్నుతో. తర్వాత కాగితం తిప్పి చూసింది, ఏ ఇంకు వెనక్కి దిగిందా అని. రెండు జెల్ పెన్నుల అచ్చు వెనకవైపు స్పష్టంగా కనబడింది. "ఇవి రెండూ వద్దండీ ఆంటీ, రెండోవైపు రాస్తే సార్‌కి కనిపించదు" అంది. నాకే తట్టని పరీక్ష అది. మర్నాటినుంచి బల్ల మీద 'కాగితం తిప్పి కూడా చూడండి' అని ఇంకో బోర్డు చేరింది.

పాంప్లెట్ పంచడంలో కూడా రెండు వైపుల సూత్రమే. న్యూస్‌పేపర్లో పెట్టించిన వాటిని ఏజెంటుకి ఇచ్చేటప్పుడే పెద్దల వైపు పైకి ఉండేలా కట్టలు కట్టి ఇచ్చాను, ఎందుకంటే పొద్దున్నే పేపరు తీసేది ఇంటి పెద్దే. ఆదివారం వద్దన్నాను. ఆ రోజు ఫర్నిచర్‌వాళ్లవీ చీరలవాళ్లవీ పాంప్లెట్లన్నీ ఒకేసారి రాలిపడతాయి, ఎవరూ ఏదీ చూడరు. మంగళవారం పెట్టిస్తే మనదొక్కటే ఉంటుంది. ట్యూషన్ల దగ్గర సాయంత్రం పిల్లల చేతికిచ్చినవి పిల్లల వైపు పైకి. బడి గేటు లోపల ఇవ్వలేదు, హెడ్మాస్టర్‌గారిని అడిగితే బయట ఇచ్చుకోమన్నారు.

ఆటోకి మైకు కట్టి తిప్పుదామని మా ఆయన అన్నారు. ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది. మైకుకి పోలీసు అనుమతి కావాలి, బడులకీ ఆసుపత్రులకీ వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం, అక్కడ మైకు వాడకూడదు. మా కొనుగోలుదారులందరూ ఉండేది ఆ వంద మీటర్ల లోపలే. పైగా చదువుకునే పిల్లల నెత్తిన మైకు పెట్టి 'బాగా చదువుకోండి' అని అరిపించడం నాకే నవ్వొచ్చింది.

అసలు జనం మా కొట్టుకి వచ్చింది హాల్‌టికెట్ల వల్ల. పదో తరగతి హాల్‌టికెట్లు బోర్డు వెబ్‌సైట్ bse.ap.gov.in లో పెట్టినప్పుడు, మన మిత్ర వాట్సాప్‌లో కూడా తీసుకోవచ్చన్నప్పుడు, అందరికీ ఫోన్లో పీడీఎఫ్ వస్తుంది, ప్రింట్ ఎక్కడ తీయించుకోవాలో తెలియదు. పాంప్లెట్‌లో పెద్దల వైపు అడుగున ఒక గీత గీసి 'హాల్‌టికెట్ ప్రింటు ఉచితం, రెండు కాపీలు' అని వేయించాను. నాకయ్యే ఖర్చు కాగితం, టోనర్ కలిపి కాపీకి రూపాయిన్నర దాటదు. ఆ ప్రింటు కోసం వచ్చేది తల్లిదండ్రులు, అదీ పిల్లని వెంటబెట్టుకుని. ఇద్దరూ ఒకేసారి కొట్టులో ఉండే సందర్భం ఏడాదిలో ఇదొక్కటే. పిల్ల బల్ల దగ్గరికి వెళ్లి పెన్ను రాసి చూస్తుంది, నాన్న పేరు, పుట్టినతేదీ, ఫోటో సరిగా ఉన్నాయో లేదో చూస్తారు. ఆ సరిచూడటం మేమే గుర్తుచేసేవాళ్లం. ఒకరి హాల్‌టికెట్‌లో మాధ్యమం తప్పు పడితే అప్పటికప్పుడు బడికి పంపించాం, పరీక్షకి ఇంకా టైముంది కాబట్టి సరిపోయింది.

అక్కడే వాట్సాప్ నంబర్ల సంగతి కూడా తేల్చుకున్నాను. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు, అదీ మన నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ చేసుకుని ఉంటేనే మెసేజ్ చేరుతుంది. చాలామంది దుకాణదారులకి ఈ రెండో సంగతి తెలియక, మెసేజ్ పంపామనుకుని కూర్చుంటారు. నేను ప్రింటు తీసిచ్చేటప్పుడు "పరీక్షల సమాచారం పంపమంటారా అండి?" అని అడిగి, ఒప్పుకున్నవాళ్లనే నా నంబరు సేవ్ చేసుకోమన్నాను. పంపింది కూడా తక్కువే. పరీక్షకి ముందురోజు సాయంత్రం ఏడున్నరకి, మర్నాటి పేపరు పేరు, మా కొట్టు పొద్దున ఎన్నింటికి తెరుస్తామో, అంతే. రోజూ గుడ్‌మార్నింగులు పంపితే బ్లాక్ చేస్తారు.

పెద్దలతో ఎక్కువగా వచ్చిన పేచీ జీఎస్టీ గురించి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోట్‌బుక్కులు, పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్లు, మ్యాపుల మీద జీఎస్టీ తీసేశారు. టీవీలో చూసినవాళ్లు 'చదువు సామానంతా పన్ను లేదు' అని గుర్తుపెట్టుకున్నారు. పెన్నుల మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది, జామెట్రీ బాక్సులకి 12 నుంచి 5కి తగ్గింది. "పెన్ను పది రూపాయలేనా ఇంకా? గవర్నమెంటు తగ్గించింది కదండీ" అని రోజుకొకరైనా అడిగేవారు. నోటితో చెబితే మేమే దాచుకుంటున్నామని అనుమానం. అందుకే ఏది పన్ను లేనిదో, ఏది ఎంత పన్నో చిన్న బోర్డు రాసి కౌంటర్ వెనక పెట్టాను. ఆ రోజునుంచి పేచీ ఆగింది. పాత ఎంఆర్‌పీ ఉన్న నోట్‌బుక్కులు కొన్ని మిగిలితే వాటి మీద తగ్గిన ధర స్టిక్కరు వేసి అమ్మేశాం.

గైడ్ల విషయంలో నా పద్ధతి మా సేల్స్ ఏజెంటుకి నచ్చదు. పరీక్షకి నెల ముందు కొత్త ఆల్ ఇన్ వన్ గైడు కొనమని నేను చెప్పను. అంత లావు పుస్తకం నెలలో ఎవరూ చదవలేరు, పైగా బడిలో చెప్పిన జవాబుకీ గైడులో జవాబుకీ తేడా ఉంటే పిల్లలు కంగారు పడతారు. ఆ నెలలో అమ్మదగినవి పాత ప్రశ్నపత్రాలూ, టెస్ట్ పేపర్లూ, సోషల్‌కి ఖాళీ అవుట్‌లైన్ మ్యాపులూ, లెక్కలకి గ్రాఫ్ కాగితాలూ. మ్యాపులు పదేసి చొప్పున కట్టలు కట్టి పిల్లల బల్ల దగ్గరే పెట్టాను, చెప్పకుండానే తీసుకెళ్లారు. "ఇంట్లో గైడు ఉందా అమ్మా? ఉంటే ఇంకోటొద్దు" అని చెప్పిన ఇళ్లనుంచి చెల్లెళ్లూ తమ్ముళ్లూ ఇప్పుడు మా కొట్టుకే వస్తున్నారు.

ఇంటర్ పుస్తకాల్లో మాత్రం ఈసారి ఏ కొట్టువాడైనా జాగ్రత్తగా ఉండాల్సి వచ్చింది. 2025-26లో ఫస్టియర్‌కి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, లెక్కల్లో 1ఏ, 1బీ రెండూ కలిసి ఒకే సబ్జెక్టు అయ్యాయి, బోటనీ జువాలజీ కూడా అంతే. పాత 1ఏ, 1బీ క్వశ్చన్ బ్యాంకులు 'సగం ధర' అని బయట పెట్టుకుని అమ్మినవాళ్లు ఉన్నారు. చౌక అని కొనేది పల్లెటూరి తల్లిదండ్రులే, వాళ్లకి తేడా తెలియదు. మా దగ్గర మిగిలిన పాతవాటిని పాత కాగితాల కింద కిలోల లెక్కన వేసేశాం. కొత్తవి తెచ్చుకునేటప్పుడు అట్ట మీద సంవత్సరమూ, లోపల మోడల్ పేపర్లో మార్కుల విభజనా చూసి, రిటర్న్ తీసుకుంటామని బిల్లు మీద రాయించుకుని గానీ తీసుకోలేదు.

పరీక్షలు మొదలయ్యాక ప్రచారం అయిపోయినట్టే, కానీ గిరాకీకి ఇంకో రూపం వస్తుంది. మా కొట్టు ఒక సెంటర్‌కి దగ్గర. పరీక్ష జరిగే వేళల్లో సెంటర్ల దగ్గర జిరాక్స్ షాపులు మూసెయ్యాలని ప్రతి ఏడూ ఉత్తర్వులొస్తాయి. పదో తరగతి పేపరు తొమ్మిదిన్నరకి మొదలై పన్నెండూ నలభై ఐదుకి అవుతుంది. అంతసేపూ షట్టరు సగానికి దించేస్తాం, మిషను ప్లగ్గు తీసేస్తాం. అందుకని పొద్దున ఏడింటికే తెరిచేవాళ్లం. ఏడు నుంచి తొమ్మిది దాకా వచ్చేవాళ్లు స్కేలు మర్చిపోయినవాళ్లు, పెన్ను రాయట్లేదని ఏడుపు మొహంతో వచ్చినవాళ్లు. వాళ్లకోసం 25 రూపాయల చిన్న ప్యాకెట్లు సిద్ధంగా పెట్టాను: రెండు పెన్నులు, స్కేలు మాత్రమే. చిల్లర వెతుక్కునే టైముండదు, అందుకే ధర అలా పెట్టాను.

సోషల్ పరీక్షకి ముందురోజు రాత్రి ఓ అబ్బాయి వచ్చి, రెండు పేజీల నోట్సు కౌంటర్ మీద పెట్టి, మెల్లగా "ఆంటీ, మైక్రో జిరాక్స్ తీస్తారా" అన్నాడు. నాలుగు పేజీలు అరచేతిలో పట్టేంత చిన్నగా తగ్గించి తీసేది. ఎందుకో చెప్పక్కర్లేదు. తియ్యనని చెప్పాను. "వేరే షాపులో తీస్తారు" అన్నాడు. "తీయించుకో నాన్నా, కానీ దొరికితే డిబారే, మళ్లీ ఆ పేపరు రాయాలంటే అవో పెద్ద తిప్పలు" అన్నాను. కాసేపు నిలబడి, మ్యాపుల కట్ట ఒకటి కొనుక్కుని వెళ్లిపోయాడు. వేరే షాపుకి వెళ్లాడో లేదో తెలియదు.

ఏప్రిల్ మొదటి వారంలో లెక్క చూసుకున్నాం. కట్టిన కిట్లు దాదాపు అన్నీ అమ్ముడుపోయాయి, సీబీఎస్ఈవి కొన్ని మిగిలాయి. అవి విప్పి పెన్నులు విడిగా పెట్టేశాం. టెస్ట్ పేపర్లు మిగిలినవి గడువులోగా ఏజెంటుకి తిప్పి ఇచ్చేశాం. ఆ గడువు దాటితే ఒక్కటీ తీసుకోరు.

ఏప్రిల్, మేలలో ఎంట్రన్సులకి కూడా కిట్ కట్టమని కొందరు అడిగారు. ఒకాయన వాళ్లమ్మాయి నీట్‌కి 149 కిట్ కావాలని వచ్చారు. ఆ పరీక్షకి పెన్ను కూడా సెంటర్లోనే ఇస్తారు, అట్టా పౌచ్ ఏవీ లోపలికి రానివ్వరు. ఈఏపీసెట్ కంప్యూటర్ మీద రాసేది, అక్కడికి అట్టతో పనే లేదు. ఆయనకి కావాల్సింది అడ్మిట్ కార్డ్ మీద అంటించే పోస్ట్‌కార్డ్ సైజు ఫోటో. పక్క వీధిలో స్టూడియో ఎనిమిది దాకా తెరిచే ఉంటుందని చెప్పి పంపించాను.